కోకాపేట కాపీ

మా వంటింటి అరల్లో ప్రతి డబ్బా మీదా ఒక చీటీ ఉంటుంది. కందిపప్పు, పెసరపప్పు అని రాసి ఊరుకోను, కొన్న నెల కూడా రాస్తాను. "ఇది వంటిల్లా, మందుల షాపా?" అని మా ఆయన ఎగతాళి చేస్తారు. మా అమ్మాయి ఒక ఆదివారం మధ్యాహ్నం సోఫాలో కునుకు తీస్తున్న వాళ్ల నాన్న చొక్కాకి 'నాన్న, పాత స్టాకు' అని చీటీ అంటించింది. నేనూ నవ్వాను కానీ అలవాటు మాత్రం మానలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

ఈ బుద్ధే నాకు ఉద్యోగంలో పేరు తెచ్చింది. ఆ పేరు చూసుకుని మురిసిపోతున్న రోజుల్లోనే నన్ను తల దించుకునేలా చేసింది కూడా. అది చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాదాపూర్‌లో ఒక సందులో, టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తులో మా ఆఫీసు. పొద్దున పదింటికి మెట్లెక్కుతుంటే అల్లం చట్నీ వాసన మా కంటే ముందే పైకి వెళ్తుంది. పదిమందిమి ఉంటాం. ఆసుపత్రులు, బడులు, జిమ్ములు, ఇలాంటివాళ్ల తరఫున జనం ఫోన్లలో కనబడే ప్రకటనలు నడపడం మా పని. ఎవరి ప్రకటన ఎంతమంది చూశారు, ఎంతమంది ఫోన్ నంబర్ ఇచ్చారు అన్నది నెలనెలా రిపోర్టు చేసి ఇచ్చేది నేను.

మా ఖాతాదారుల్లో నాకు బాగా ఇష్టమైనవాళ్లు ఒక ఫిజియోథెరపీ సంస్థవాళ్లు. వాళ్లకి మూడు శాఖలు. కోకాపేటలో ఒకటి, మా ఇంటి దగ్గర మణికొండలో ఒకటి, మియాపూర్‌లో బస్ డిపో దాటాక ఒకటి. యజమాని కర్నూలు నుంచి వచ్చిన డాక్టరు. నెమ్మదస్తుడు. ఏ నిర్ణయమైనా కాగితం చూసే తీసుకుంటాడు. ఆ కాగితం తయారుచేసేది నేనే కాబట్టి ఆ గుణం నాకు మరీ నచ్చేది.

వాళ్ల ప్రకటనలు మూడు చోట్ల నడిపేవాళ్లం. జనం ఏదైనా వెతికినప్పుడు పైన వచ్చే సెర్చ్ ప్రకటనలు ఒకటి, ఫొటోల యాప్‌లో వచ్చేవి ఇంకొకటి, వీడియోల మధ్యలో వచ్చేవి మూడోది. ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఒకరు లెక్కించే తీరు ఒకరికి సరిపడదు. క్యాంపెయిన్లకి లోపల పెట్టుకునే గుర్తింపు నంబర్లూ వేరు. మూడింట్లోనూ మన చేత్తో, మన ఇష్టప్రకారం రాయగలిగేది ఒక్కటే ఉంటుంది. అది క్యాంపెయిన్ పేరు. ఒక పని కోసం కలిపి నడిపే ప్రకటనల కట్టని మేము క్యాంపెయిన్ అంటాం.

నేను చేరినప్పుడు ఆ పేర్లు చూసి నాకు కళ్లు తిరిగాయి. 'మోకాలు న్యూ', 'ఫైనల్', 'ఫైనల్ రెండు', 'సర్ ఓకే అన్నది', 'టెస్ట్ వద్దు'. మణికొండకి మూడు చోట్లా కలిపి ఎంతమంది నంబర్లు ఇచ్చారని అడిగితే చెప్పే దిక్కు లేదు. ఒక్కోదాన్నీ తెరిచి, లోపల ఏ ఊరు పెట్టారో చూసి, చేత్తో రాసుకోవాలి. రెండు నెలలు అలా చేశాను. మూడో నెల నాకు ఒళ్లు మండింది. ఒక నియమం రాసి, లామినేషన్ చేయించి, నీళ్ల ఫిల్టర్ పైన గోడకి అంటించాను.

నియమం చిన్నదే. ప్రతి క్యాంపెయిన్ పేరులో ఐదు ముక్కలు. ముందు ఎక్కడి ప్రకటన, తరువాత ఏ శాఖ, తరువాత ఏ నొప్పి, తరువాత దేనికోసం, చివర మొదలుపెట్టిన నెల. మధ్యలో అండర్‌స్కోర్, అంటే అడుగున గీసే చిన్న గీత. వరుస మారకూడదు, ముక్క వదలకూడదు, సొంత కవిత్వం పనికిరాదు. 'సెర్చ్_మణికొండ_మోకాలు_ఎంక్వైరీ_మార్చి'. అంతే. మూడు చోట్ల నుంచీ పేర్లన్నీ తెచ్చి షీట్‌లో పోస్తే అది అండర్‌స్కోర్ దగ్గర కత్తిరించి ఐదు నిలువు వరుసలుగా పంచుతుంది. రెండో వరుసలో మణికొండ అని ఎంచుకుంటే మణికొండవన్నీ ఒక్క చోటికి వస్తాయి. నడుంనొప్పి అని ఎంచుకుంటే మూడు శాఖల నడుంనొప్పులూ వరసలో నిలబడతాయి. రెండు రోజుల పని టీ తాగేలోపు అయిపోయేది. మా సార్ ఆ షీట్‌ని కొత్త ఖాతాదారులకి కూడా చూపించేవారు. నేను పక్కన నిలబడి, ఏమీ పట్టనట్టు ముఖం పెట్టుకునేదాన్ని.

నియమం పెట్టినవాళ్లకి పోలీసు బుద్ధి కూడా వస్తుంది. ఎవరైనా నెల రాయడం మరిచిపోతే నేను కుర్చీలోంచి లేచి వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి మరీ అడిగేదాన్ని. ఫొటోల యాప్ ప్రకటనలు చూసే అతను నా బాధ ఎక్కువ పడ్డాడు. సంగారెడ్డి దగ్గరి వాడు, ముప్పై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. ఏమన్నా "జర ఆగండి అక్కా, చేస్త" అంటాడు, చేస్తాడు. కోపం రాదు. కోపం రాని మనిషిని తిట్టడం చాలా సులువు. ఆ సులువుకి నేను బాగా అలవాటు పడ్డాను.

ఆ ఏడాది వానాకాలం ముగిసేసరికి రిపోర్టులో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడసాగింది. కోకాపేట నెలనెలా పెరుగుతోంది. మణికొండ మామూలుగా ఉంది. మియాపూర్ మాత్రం అట్టడుగున పడి ఉంది. సెర్చ్ నుంచి వచ్చే కొద్దిమంది తప్ప ప్రకటన చూసి నంబర్ ఇచ్చేవాళ్లే లేరు. ఏడు నెలలు వరసగా అదే తీరు. నేను ఆ మూడు గీతలకి మూడు రంగులు వేసి, మియాపూర్‌కి బూడిదరంగు ఇచ్చి, అందంగా పంపించాను.

డాక్టరుగారు ఆ కాగితం చూసే నిర్ణయం తీసుకున్నారు. మియాపూర్ శాఖ ఆ నెలాఖరుకి మూసేయాలని. అక్కడి యంత్రాలు కోకాపేటకి తరలిస్తారు. అక్కడ పనిచేసే ఫిజియోథెరపిస్టు కావాలంటే కోకాపేటకి రావచ్చు. "మియాపూర్‌లో వచ్చేవాళ్లంతా పాత పేషెంట్లు కదమ్మా, కొత్తవాళ్లు లేకుంటే ఎన్నాళ్లు నడుస్తుంది?" అన్నారు నాతో ఫోన్లో. నేను "అవునండి" అన్నాను. కాగితం నాదే కాబట్టి కాదనడానికి నాకేమీ తోచలేదు.

మూడో రోజు మియాపూర్ ఫిజియోథెరపిస్టు మా ఆఫీసుకి వచ్చింది. అప్పటిదాకా ఆమె గొంతు ఫోన్లో వినడమే. నలభై ఏళ్లుంటాయి, బలమైన చేతులు, భుజాన గుడ్డ సంచి. మెట్రోలో వచ్చి, స్టేషన్ నుంచి ఎండలో నడిచి వచ్చిందట. మంచినీళ్లు ఇస్తే సగం తాగి, సంచిలోంచి ఒక పొడుగాటి రిజిస్టరు తీసి నా బల్ల మీద పెట్టింది.

"మేడం, రిపోర్టు చేసేది మీరేనట. నాకు ఒక్కటే సమజైతలేదు. నా దగ్గరికి రోజూ కొత్త మనుషులు వస్తున్నరు. మీ కాయితంల మాత్రం ఒక్కడు రాడు. వాళ్లు ఏడికెల్లి వస్తున్నట్టు?"

"వాళ్లు పాత పేషెంట్లు చెప్తే వచ్చేవాళ్లేమోనండి" అన్నాను.

"కొందరు గట్లనే వస్తరు. నేను అందర్నీ అడుగుత. మీకు ఎట్ల తెలిసింది అని అడిగి రాసుకుంట. చూడుండ్రి." వేలితో ఒక వరుస చూపించింది. ప్రతి కొత్త పేషెంటు పేరు పక్కనా, ఫోన్ నంబర్ పక్కనా ఆమె తన పొట్టి అక్షరాలతో రాసింది. పక్కింటామె చెప్పింది. డిపోల చెప్పిన్రు. ఆ తరువాత, మళ్లీ మళ్లీ, పేజీ వెనక పేజీ: ఫోన్ల చూసిండు. ఫోన్ల చూసింది.

నాకు కొంచెం చిరాకేసింది, ఉన్నమాట చెప్తున్నాను. నా షీటు మీద నాకు అంత నమ్మకం. ఫోన్లో చూశాననడం ఇప్పుడు అందరికీ అలవాటని, కొందరు పాటల మధ్య ఏదో చూసి కూడా అలా అంటారని ఆమెకి వివరించబోయాను. ఆమె వినలేదు.

"డిపోల స్టీరింగు తిప్పి తిప్పి మెడ పట్టుకపోయిన డ్రైవర్లు వస్తరు. పొద్దుగాల షిఫ్టు దిగి సీద నా దగ్గరికే వస్తరు. కొడుకు ఫోన్ల చూసి పంపిండని ముసలమ్మలు చందానగర్ కెల్లి వస్తరు. ఇగ వాళ్లను కోకాపేటకు రమ్మంటే ఎట్ల వస్తరు మేడం? రెండు బస్సులు మారాలె. మోకాలు వంగనోళ్లు బస్సులు మారుతరా?" ఆమె గొంతు పెద్దదేమీ కాలేదు. "నా నౌకరికి నేను ఫికర్ చేస్తలేను. కోకాపేటలనన్న చేస్త. ఆళ్లు నడక మానేసి ఇంట్ల కూసుంటరు. గది నా బాధ."

ఆ మాటతో నా చిరాకు చల్లారింది. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. అప్పటిదాకా వెనక బల్ల దగ్గర కూర్చుని వింటున్న సంగారెడ్డి అతను లేచి వచ్చాడు. "మేడం, ఈ రిజిస్టర్ ఒక్క రోజు మా దగ్గర ఉంచుతారా? నంబర్లు కలిపి చూస్త" అన్నాడు. ఆమె ఒక నిమిషం ఆలోచించి, "పేషెంట్ల సంగతులు అండ్ల ఉన్నయి, నంబర్ల వరకే చూడుండ్రి" అని చెప్పి, రేపు తానే వచ్చి తీసుకుంటానని వెళ్లిపోయింది.

నంబర్లు కలపడమంటే ఇది. ఎవరైనా మా ప్రకటన చూసి ఫారం నింపితే వాళ్ల పేరు, నంబరు మా ఎంక్వైరీ షీట్‌లో ఒక అడ్డ వరుసగా పడతాయి. పక్కనే ఏ క్యాంపెయిన్ నుంచి వచ్చారో ఆ పేరు కూడా పడుతుంది. మణికొండ శాఖలో ఒక అమ్మాయి ఆ వరుసలు చూసి ఫోన్ చేసి, మీ ఇల్లెక్కడ అని అడిగి, దగ్గరి శాఖకి పంపుతుంది. ఫోన్ చేశాం అని గుర్తు పెడుతుంది, ఏ శాఖకి పంపిందో రాయదు. రాయాల్సిన పని లేదనుకున్నాం, శాఖ పేరు క్యాంపెయిన్‌లోనే ఉంది కదా అని. రిపోర్టులో శాఖల లెక్క మొత్తం ఆ పేరులోని రెండో ముక్క మీదే నడిచేది.

మర్నాడు ఉదయం నేను వచ్చేసరికి అతను షీటు తెరిచి కూర్చున్నాడు. "అక్కా, ఒకసారి చూడండి" అన్నాడు. మియాపూర్ రిజిస్టరులో 'ఫోన్ల చూసిండు' అన్నవాళ్లలో చాలామంది నంబర్లు మా షీట్‌లో ఉన్నాయి. వాళ్లు నిజంగానే మా ప్రకటన చూసి వచ్చారు. కానీ పక్కన శాఖ వరుసలో కోకాపేట అని ఉంది. ఒకరిద్దరికి కాదు, కిందికి జరిపినకొద్దీ కోకాపేట, కోకాపేట.

క్యాంపెయిన్ పూర్తి పేరు చూశాను. 'ఫొటో_కోకాపేట_నడుం_ఎంక్వైరీ_ఫిబ్రవరి – కాపీ'.

ఆ చివరి మాట చూడగానే నాకు అంతా అర్థమైపోయింది. ఫొటోల యాప్‌లో ఒక క్యాంపెయిన్‌ని చూసి ఇంకొకటి చెయ్యాలంటే మొదటి నుంచి మొదలుపెట్టరు. పాతదాన్ని కాపీ చేసి, లోపల ఊరు మార్చి, ఫొటో మార్చి వదులుతారు. కాపీకి పాత పేరే వస్తుంది, చివర కాపీ అన్న మాట తగిలించుకుని. పేరు మార్చడం మనిషి చెయ్యాల్సిన పని. ఎవరో మియాపూర్ కోసం కోకాపేటది కాపీ చేశారు. లోపల మ్యాప్ తెరిచి చూస్తే గుర్తు సరిగ్గా మియాపూర్ డిపో మీద ఉంది. పైన పేరు మాత్రం కోకాపేట. మియాపూర్ జనం చూశారు, మియాపూర్ జనం నంబర్లు ఇచ్చారు, మియాపూర్‌కే వెళ్లి నడుం బాగు చేయించుకున్నారు. నా షీటు వాళ్లందరినీ తీసుకెళ్లి కోకాపేట ఖాతాలో వేసింది. పంచదార డబ్బాలో ఉప్పు పోసి, చీటీ చూసి కాఫీ కలిపినట్టయింది మా పని.

ఇంకో సంగతి కూడా అప్పుడే కనబడింది. ఆ 'కాపీ' అన్న మాట ఏడు నెలలుగా నా షీట్‌లోనే, చివరి వరుసలో, నెల పక్కన కూర్చుని ఉంది. నేను రిపోర్టుకి రెండో వరుస మాత్రమే ఎంచుకునేదాన్ని. చివరి వరుస వైపు కన్నెత్తి చూడలేదు.

అప్పుడు నేను చేసిన పని గురించి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఫొటోల యాప్ చూసేది అతను. కాబట్టి అతనే అనుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు. పదిమంది ఉన్న హాల్లో, అందరూ తలలు ఎత్తి చూసేంత గొంతుతో అందుకున్నాను.

"కాపీ కొట్టి పేరు మార్చకుండా వదిలేస్తావా? గోడ మీద అంత పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది దేనికి, నీళ్లు తాగేటప్పుడు చదువుకోవడానికా? నీ బద్ధకం వల్ల ఒక ఆసుపత్రి మూతపడుతోంది, తెలుసా నీకు? ఆవిడ నిన్న ఎండలో నడుచుకుంటూ వచ్చింది. ఆవిడకి ఏం చెప్తావు?"

ఇంకా చాలా అన్నాను. నేను అదే ఊపులో ఆ క్యాంపెయిన్ పేరు మార్చేయబోతుంటే అతను చెయ్యి అడ్డుపెట్టాడు.

"అక్కా, జర ఆగండి. ఇప్పుడే మార్చకండి. పేరు మారిస్తే యాప్‌ల పాత నెలలకు కూడా కొత్త పేరే వస్తది, లోపలి నంబర్ అదే కాబట్టి. మన ఎంక్వైరీ షీట్ల మాత్రం వచ్చిన రోజు ఏ పేరు ఉన్నదో అదే ఉండిపోతది. రెండూ కలవవు. ముందు పాత పేరు, లోపలి నంబరు, పెట్టాల్సిన కొత్త పేరు ఒక కాడ రాసుకుందాం. దాన్ని పట్టి షీట్ మారుద్దాం. ఎప్పటిసంది మియాపూర్ మీద నడుస్తుందో కూడా చరిత్ర తీసి చూద్దాం."

అతను చెప్పింది అక్షరాలా నిజం. తొందరపడి ఉంటే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేర్చేదాన్ని. "సరే, ఆ చరిత్ర నేను తీస్తాను" అన్నాను, ఇంకా బుసకొడుతూనే. ప్రతి క్యాంపెయిన్‌కీ యాప్ లోపల ఒక చిట్టా ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఏం మార్చారు అన్నది అందులో ఉంటుంది. అతని మీద ఆ సాక్ష్యం కూడా చేతికి వస్తుందని నా ఆత్రం.

తీశాను. కిందికి, మొట్టమొదటి పంక్తి దాకా వెళ్లాను. ఒక శుక్రవారం సాయంత్రం. కోకాపేట క్యాంపెయిన్ కాపీ చేయబడింది. ఊరు మియాపూర్‌గా మార్చబడింది. ఫొటో మార్చబడింది. చేసినవారు అన్నచోట నా మెయిల్ ఉంది.

ఆ శుక్రవారం గుర్తొచ్చింది. అతను ఏదో పెళ్లికి సెలవు పెట్టాడు. మియాపూర్ నుంచి ఈవిడే ఫోన్ చేసి, మాకూ కోకాపేటలాంటి ప్రకటన వెయ్యండి అని అడిగింది. నేను కాపీ చేసి, డిపో మీద గుర్తు పెట్టాను. ఇంతలో మా అమ్మాయికి జ్వరంగా ఉందని బడి నుంచి ఫోన్. పేరు సోమవారం మారుద్దాంలే అనుకుని, ప్రకటన వదిలేసి, బ్యాగు పట్టుకుని పరిగెత్తాను. సోమవారం వచ్చింది, వెళ్లింది. ఆ తరువాత ఏడు నెలల సోమవారాలు వచ్చి వెళ్లాయి. ఊరందరి పేర్లకీ కాపలా కాసినదాన్ని, నా చేత్తో వదిలిన ఒక్క పేరుకి కాపలా కాయలేకపోయాను.

కుర్చీలో అలాగే కూర్చున్నాను. అతను చాయ్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తెర వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదన్నట్టుగా అటు తిరిగి నిలబడ్డాడు.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"నిన్న సాయంత్రం చూసిన అక్కా."

"మరి నేను అన్ని మాటలంటుంటే చెప్పవే?"

"గందరి ముందట ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

నా జీవితంలో చాలామంది నన్ను తిట్టారు. ఏ తిట్టూ నాకు అంత లోపలికి దిగలేదు. అతన్ని గందరి ముందట అనడానికి నాకు ఒక్క క్షణం పట్టలేదు. ఏడుపొచ్చింది. చాయ్ గ్లాసు అడ్డం పెట్టుకున్నాను.

గ్లాసు ఖాళీ అయ్యాక లేచి, పొద్దున ఎక్కడ నిలబడి తిట్టానో అక్కడే నిలబడ్డాను. "అందరూ ఒక్క నిమిషం వినండి" అన్నాను. కాపీ చేసింది నేనని, పేరు మార్చకుండా వదిలింది నేనని, ఇతన్ని అన్యాయంగా తిట్టానని చెప్పాను. క్షమించమని అడిగాను. అతను చాలా ఇబ్బంది పడి, "అయ్యో, ఏంది అక్కా ఇది, కూసోండి" అన్నాడు. తిట్లకి కదలని మనిషి క్షమాపణకి చెమటలు పట్టి నీళ్ల ఫిల్టర్ దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ఇద్దరం కూర్చుని, పాత పేరుకీ కొత్త పేరుకీ పట్టిక రాశాం. ఆ ఒక్కటే కాదు, ఉన్న క్యాంపెయిన్లన్నీ తెరిచి, పైన పేరులో ఉన్న ఊరూ లోపల మ్యాప్‌లో ఉన్న ఊరూ ఒకటేనా అని చూశాం. ఇంకెక్కడా తేడా లేదు. మిగతావాళ్లందరూ నా నియమం పాటించారు. పట్టికతో ఎంక్వైరీ షీటు సరిచేసి మళ్లీ లెక్క తీస్తే కోకాపేట గీత సగానికి పైగా దిగిపోయింది. మియాపూర్ మూడింటిలోకీ పైకి వెళ్లింది. సాయంత్రం రిజిస్టరు కోసం వచ్చినావిడకి ఆ గీత చూపించాను. ఆమె చాలాసేపు దాన్ని చూసింది. "గీళ్లంతా నా పేషెంట్లేనా?" అంది. "మీవాళ్లేనండి. నేనే వేరేవాళ్ల ఖాతాలో వేశాను" అన్నాను. ఆమె రిజిస్టరు సంచిలో పెట్టుకుని, "రేపు డాక్టర్ సాబ్‌కు గిదే చెప్తరా?" అని మాత్రం అడిగింది.

చెప్పాను. కోకాపేట శాఖలో, ఇరవై అంతస్తుల పైన ఉన్న అద్దాల గదిలో డాక్టరుగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. మా సార్ నా పక్కన కూర్చుని గడియకోసారి టై సర్దుకుంటున్నారు. దారిలో కారులో ఆయన, "ప్లాట్‌ఫామ్ పొరపాటని చెప్పేద్దాం, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"ఇన్ని నెలలు నేను చూసింది తప్పా అమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"తప్పండి. తప్పు నాది. కాపీ చేసి పేరు మార్చడం మరిచిపోయాను."

"కోకాపేటలో ఫోన్లు ఇన్ని వస్తున్నాయంటున్నారు, మనుషులు కనపడరేమని నేనూ అనుకుంటానే ఉన్నా. పెద్ద టవర్లలోవాళ్లు కదా, తీరిగ్గా వస్తారులే అనుకుంటి." ఆయన నవ్వలేదు. మా సార్ ముఖం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. "ఒక మాట చెప్తా. మూసేసినాక చెప్పింటే నేను నిన్ను ఎప్పటికీ క్షమించేవాణ్ణి కాదు. మూయకముందే వచ్చినావు. మియాపూర్ ఉంటుంది. యంత్రాలు కూడా అక్కడే ఉంటాయి. రిపోర్టు మాత్రం ఇంక నుంచి ఇద్దరు చూసి సంతకం పెట్టి పంపాలి."

ఖాతా పోలేదు, ఉద్యోగం పోలేదు. తిరిగి వస్తుంటే ఔటర్ రింగు రోడ్డు మీద మియాపూర్‌కి ఫోన్ చేశాను. "మూయడం లేదండి" అన్నాను. అవతల ఎవరో ముసలమ్మ "అమ్మో, మెల్లగ బిడ్డా" అంటోంది. "విన్నవా అవ్వా, ఈడనే ఉంటమట" అని ఫిజియోథెరపిస్టు ఆమెకి చెప్పి, "పనిల ఉన్న మేడం, మల్ల చేస్త" అని పెట్టేసింది.

గోడ మీద కొత్త కాగితం అంటించాం. ఐదు ముక్కలు ఆరయ్యాయి. చివర, చేసినవారి పేరులోని మొదటి రెండక్షరాలు. మా సార్‌కి నచ్చలేదు, తప్పులు పట్టుకోవడానికా అన్నారు. సంగారెడ్డి అతను, "కాదు సార్, ఎవర్ని అడగాల్నో తెలుస్తది" అన్నాడు. కింద ఇంకో పంక్తి కూడా రాశాం. కాపీ చేస్తే ముందు పేరు, ఆ తరువాతే మిగతావన్నీ. షీట్‌లో 'కాపీ' అన్న మాట ఎక్కడ కనబడినా ఎర్రబడేలా అతను ఏర్పాటు చేశాడు. లేచి ఎవరి బల్ల దగ్గరికీ వెళ్లి అడగడం నేను మానేశాను. మానేశాననే అనుకుంటున్నాను, మిగతావాళ్లని అడగాలి.

మొన్న చలికాలంలో నాకు మెడ పట్టేసింది. ఇంటి పక్కనే మణికొండ శాఖ ఉన్నా, మెట్రో ఎక్కి మియాపూర్ వెళ్లాను. వరండాలో ఖాకీ చొక్కాలవాళ్లు ఇద్దరు మెడలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒక ముసలమ్మ గోడ పట్టుకుని అటూ ఇటూ నడుస్తోంది. ఫిజియోథెరపిస్టు నన్ను చూసి గుర్తుపట్టి, నవ్వి, అందరికీ ఇచ్చినట్టే రిజిస్టరు నా ముందుకి తోసింది. "రూల్ రూలే మేడం. ఎట్ల తెలిసిందో రాయుండ్రి."

పెన్ను పట్టుకుని కొంచెం సేపు ఆలోచించాను. పై వరుసల్లో పక్కింటామె చెప్పింది, డిపోల చెప్పిన్రు, ఫోన్ల చూసింది. వాటి కింద, నా పేరు పక్కన, 'నా పొరపాటు వల్ల' అని రాశాను.

ఆవిడ చదివింది. రెండు చేతులూ నా మెడ మీద పెట్టి, నొప్పి ఎక్కడుందో వెతుకుతూ అడిగింది. "గిది ఏ వరుసల వేస్తరు మేడం? మీ షీట్ల గిసొంటి పేరు ఉన్నదా?"

"లేదండి" అన్నాను. "పెట్టాలి."